అగ్రిమెంట్‌లో ఆఖరి రోజు

అల్లుడూ,

వనస్థలిపురం ఇంటి పై పోర్షన్ కోసం నువ్వు పంపిన అగ్రిమెంట్ డ్రాఫ్ట్ చూశాను. కిరాయి, అడ్వాన్స్, నీళ్ల బిల్లు అన్నీ బాగానే రాశావు. తేదీల దగ్గర మాత్రం ఆగిపోయాను. "2027 ఏప్రిల్ 1 నుంచి 11 నెలలు, అంటే 2028 ఫిబ్రవరి 28 వరకు" అని ఉంది. పోయినసారి అగ్రిమెంట్‌నే కాపీ చేసి సంవత్సరం మార్చినట్టున్నావు. 2026లో మొదలైన అగ్రిమెంట్‌కి ఫిబ్రవరి 28 సరిపోయింది. 2028 లీపు సంవత్సరం కాబట్టి ఆ ఏడు ఫిబ్రవరికి 29 రోజులు.

ఏప్రిల్ 1ని లెక్కలో కలుపుకుంటే 11 నెలలు ఫిబ్రవరి 29తో పూర్తవుతాయి. నువ్వు రాసింది 28. ఒకే వాక్యంలో నెలల లెక్క ఒకటి చెబుతోంది, తేదీ ఇంకొకటి చెబుతోంది. ఇంకో మెలిక కూడా ఉంది. ఆస్తి బదిలీ చట్టం 1882లోని 110వ సెక్షన్ ప్రకారం, లీజు ఫలానా రోజు "నుంచి" అని రాస్తే ఆ రోజును లెక్కలోంచి తీసేయాలి. అలా చూస్తే ఏప్రిల్ 2తో మొదలై మార్చి 1తో ముగుస్తుంది. ఖాళీ చేసే రోజు 28వ తేదీయా, 29వ తేదీయా, మార్చి 1వ తేదీయా? ఒకే కాగితం మీద మూడు సమాధానాలు. నువ్వు కొత్తవాళ్లకి మార్చి 1 ఉదయం తాళాలిస్తానని మాటిచ్చి ఉంటే, ఆ రోజు గుమ్మం ముందు రెండు సామాన్ల బండ్లు నిలబడతాయి.

అందుకే "నుంచి" మీదే వదిలేయకుండా ఇలా రాయించు: "ఈ కిరాయి గడువు 2027 ఏప్రిల్ 1వ తేదీతో మొదలై 2028 ఫిబ్రవరి 29వ తేదీతో ముగుస్తుంది. ఈ రెండు రోజులూ గడువులో కలిసే ఉంటాయి. 29వ తేదీ సాయంత్రం 6 గంటలలోపు పోర్షన్ ఖాళీ చేసి తాళాలు అప్పగించాలి." ఇంత స్పష్టంగా రాశాక 11 నెలలు అన్న మాట ఉన్నా లేకపోయినా ఒకటే. 330 రోజులు అని మాత్రం ఎప్పుడూ రాయకు. ఈ గడువులో ఉన్నవి 335 రోజులు. కంప్యూటర్‌లో సరిచూసుకోవాలంటే ఎక్సెల్‌లో ఇది కొట్టు, గడిని తేదీ ఫార్మాట్‌లో పెడితే ఫిబ్రవరి 29 చూపిస్తుంది:

```
=EDATE(DATE(2027,4,1),11)-1
```

ఇక ఆ అబ్బాయి మార్చి 18నే దిగుతానంటున్నాడని చెప్పావు కదా. దిగనీ. కానీ 18వ తేదీనే మొదటి రోజుగా పెట్టి 11 నెలలు లెక్కేస్తే ప్రతి నెలా 17కి ముగిసే లెక్క నీ నెత్తిన పడుతుంది. దానికి బదులు మార్చి 18తో మొదలై 31తో ముగిసే భాగాన్ని విడిగా ఒక వాక్యంలో రాసి, అసలు నెలల లెక్క ఏప్రిల్ 1తో మొదలుపెట్టు. 31లోంచి 18 తీసేస్తే 13 అని సరిపెట్టుకుంటారు చాలామంది. దిగిన రోజూ కలుపుకోవాలి కాబట్టి 14 రోజులు. కిరాయి 15,500 కదా, మార్చికి 31 రోజులు, రోజుకి 500 చొప్పున 7,000 అవుతుంది. అదే 30తో భాగిస్తే 7,233 దాటుతుంది. దేనితో భాగిస్తున్నారో కాగితం మీద ఉంటే ఆ రెండు వందల ముప్ఫై గురించి మాటామాటా పెరగదు. నా మటుకు ఆ నెలలో ఉన్న అసలు రోజులతో భాగించడమే న్యాయం.

అక్కయ్య ఏడాదికే రాయించమంటోందట. అక్కడ జాగ్రత్త. సంవత్సరం అని రాసి ఆఖరి తేదీ రాయకపోతే, అదే 110వ సెక్షన్ ప్రకారం మరుసటి ఏడాది అదే తేదీ రోజంతా, అంటే 2028 ఏప్రిల్ 1 కూడా గడువులోకే వస్తుంది. మార్చి 31తో ముగియాలనుకుంటే ఆ తేదీ స్పష్టంగా రాయాల్సిందే. 365 రోజులు అని రాస్తే లీపు రోజు మింగేసి మార్చి 30కే ముగుస్తుంది. దీనికి మార్చిలోని ఆ 14 రోజులూ ముందు కలిపావా, మొత్తం గడువు ఏడాది దాటిపోతుంది. కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది మించిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మనవాళ్లంతా 11 నెలలు పట్టుకు కూర్చునేది అందుకే. ఆ 14 రోజులు కలిపినా 11 నెలల లెక్క ఏడాది లోపే ఉంటుంది. కానీ మన దగ్గర 1999 నాటి రాష్ట్ర సవరణ ప్రకారం ఏడాది లోపు లీజుకి కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరే, 11 నెలలు అని రాసినంత మాత్రాన అది తప్పిపోదు.

గడువు అయిపోయాక ఏమీ రాసుకోకుండా మార్చి కిరాయి పుచ్చుకోకు. వాళ్లు ఉండటానికి నువ్వు ఒప్పుకున్నట్టే లెక్కవుతుంది, ఆపైన లీజు నెలనెలా సాగుతోందని ఆస్తి బదిలీ చట్టంలోని 116వ సెక్షన్ చూపించి వాదించొచ్చు. ఉంటారో పోతారో జనవరిలోనే అడిగి, ఉండేట్టయితే 2028 మార్చి 1తో మొదలయ్యే కొత్త అగ్రిమెంట్ మీద సంతకాలు ఫిబ్రవరి దాటకముందే తీసుకో. సంతకాలకు ముందు సవరించిన డ్రాఫ్ట్ నాకు ఒకసారి వాట్సాప్‌లో పెట్టు, చూసి పంపుతాను.

ఆశీస్సులతో,
మామయ్య