చిన్న ఏఐ క్లిప్పులను అతుకు కనిపించకుండా కలపడం

ప్రశ్న: ఒక క్లిప్ చివరి ఫ్రేమ్‌నే తర్వాతి క్లిప్‌కు మొదటి ఫ్రేమ్‌గా ఇస్తూ పోతున్నా. నాలుగో క్లిప్‌కల్లా ముఖం మారిపోతోంది. ఏం చేయాలి?

వీడియోలోంచి తీసిన ఫ్రేమ్‌లో అప్పటికే వివరాలు కాస్త చెరిగి, రంగు కొద్దిగా మారి ఉంటుంది. దాని మీద ఇంకో క్లిప్ చేయడమంటే జిరాక్స్‌కి జిరాక్స్ తీయడమే.

అందుకే ముందు ఫొటోలు చేసుకోండి. ఒకామె తలుపు దగ్గర నిలబడింది, కుర్చీ దగ్గరికొచ్చి ఆగింది, కూర్చుంది, పుస్తకం తెరిచింది: ఒకే రిఫరెన్స్ ముఖంతో, ఒకే సైజులో నాలుగు ఫొటోలు. 1-2, 2-3, 3-4 జతలను మొదటి, చివరి ఫ్రేములుగా ఇస్తే మూడు క్లిప్పులొస్తాయి. ప్రతి క్లిప్ మీ ఫొటో దగ్గరే ముగుస్తుంది కాబట్టి తేడా పేరుకుపోదు. రెండు ఫొటోల మధ్య దూరం ఎక్కువైతే మాత్రం ఆమె నడవదు, కరిగి ఇంకో చోట తేలుతుంది. అప్పుడు మధ్యలో మరో ఫొటో పెట్టాలి.

అతుకు దగ్గర అదే ఫ్రేమ్ రెండుసార్లు వస్తుంది, ఒకటి తీసేయండి. అయినా కదలిక క్షణం ఆగినట్టు ఉంటే, ఫొటోలో వేగం ఉండదు కదా, అదే కారణం. నడక మధ్యలో కాకుండా, పై ఉదాహరణలోలా మనిషి సహజంగా ఆగే చోటే అతుకు పెట్టుకోండి.