ముందు ఆ బెల్టు సంగతి చూడండి

"మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. బ్యాగులో పంక్చర్ సొల్యూషన్ ట్యూబులు దొరికాయి. 'రెండుసార్లే పీల్చా' అంటున్నాడు. పోయిన నెల మేడ మీద వాసన పీలుస్తుంటే మావారు చూసి, బెల్టు తీసుకుని వీధి చివరిదాకా తరిమారు. ఈసారి ఆయనకు చెప్పలేదు. హాస్టల్లో వేస్తే మానతాడా?"

అమ్మా, హాస్టల్ మాట వదిలేయండి. ఆ ట్యూబు హాస్టల్ పక్కనున్న సైకిల్ షాపులోనూ దొరుకుతుంది. నాకు గుండె ఝల్లుమన్నది మీవారు వాడిని తరిమారన్న చోట.

పంక్చర్ సొల్యూషన్, థిన్నర్ లాంటి వాటి ఆవిరి ఊపిరితిత్తుల నుంచి క్షణాల్లో గుండెకు చేరుతుంది. ఆ సమయంలో గుండె అడ్రినలిన్‌కు అతిగా స్పందిస్తుంది. భయపడినా, పరుగెత్తినా ఒంట్లో ఊరేది ఆ అడ్రినలినే. దాంతో లయ తప్పిన గుండె కొట్టుకోవడం మాని ఊరికే వణుకుతుంది. రక్తం ముందుకు కదలదు, నిమిషాల్లో ప్రాణం పోతుంది. 1970లో మిల్లార్డ్ బాస్ అనే అమెరికన్ డాక్టరు ఇలా పోయిన 110 మంది కుర్రాళ్ల కేసులు ప్రచురించాడు. దీనికి పాత అలవాటు ఉండక్కర్లేదు, మొదటిసారి పీల్చినవాడూ పోవచ్చు. పోయిన నెల మీవాడు బతికి బయటపడ్డాడు, అంతే.

మళ్లీ పీలుస్తూ కనిపిస్తే అరవకండి, వెంటపడకండి. మెల్లగా దగ్గరికెళ్లి, గాలి తగిలే చోట కూర్చోబెట్టండి. పడిపోయి ఊపిరి ఆగితే 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూనే ఉండాలి. ఏం పీల్చాడో డాక్టరుకు దాచకుండా చెప్పండి, ఇచ్చే మందు దాన్నిబట్టి మారుతుంది.

అలవాటుగా మారితే పోయేది మెదడు. జిగురుల్లో ఉండే టోలుయిన్ కొవ్వును కరిగించే రసాయనం. మెదడులోని నరాలకు కరెంటు వైరు తొడుగులాగా కొవ్వు పొర ఉంటుంది. ఏళ్ల తరబడి పీల్చేవాళ్లలో అది దెబ్బతింటుంది. చదివింది గుర్తుండదు, చేతులు వణుకుతాయి, నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది, చూపూ వినికిడీ తగ్గొచ్చు. తొందరగా మానేస్తే కొంత కోలుకుంటారు. ముదిరాక మానినా పోయినదంతా తిరిగి రాదు.

ఇక మీరు. మొగుడి కోపానికి భయపడి కొడుకు జబ్బు దాచడం నాకు నచ్చలేదు. బెల్టు పట్టుకుంటేనే తండ్రి పెద్దరికం నిలుస్తుందని నేననుకోను. ఈ రాత్రి వాడు పడుకున్నాక, "మీరు తరిమితే వాడి గుండె ఆగిపోవచ్చట" అని ఆయనతో సూటిగా చెప్పండి. కోప్పడితే పడనివ్వండి. తెల్లారాక ఇద్దరూ కలిసి మత్తు అలవాటు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, డబ్బులేమీ పడవు. సైకియాట్రిస్టు దగ్గరికి మాత్రం వాడిని ఆయన్నే తీసుకెళ్లమనండి, బండి మీద ముందు కూర్చోబెట్టుకుని.