శిక్షణ గంటలు పోకుండా ఒక రోజు సెలవు: సమాధానం

«ఆటోనగర్ వర్క్‌షాపులో టర్నర్ అప్రెంటిస్‌ని. 14వ తేదీ గురువారం గుంటూరులో అక్క నిశ్చితార్థం. గంటలు పోకుండా సూపర్‌వైజర్‌గారిని ఎలా అడగాలి?»

ముందుగా ఒక్క మాట: సాయంత్రాలు అదనంగా ఉండి గంటలు పూడుస్తానని దయచేసి అడగకండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేనిదే మీచేత ఓవర్‌టైమ్ చేయించకూడదు కనుక, మంచి సూపర్‌వైజర్ కూడా ఆ కోరికకు ఒప్పుకోలేరు. సంస్థలో అమలులో ఉన్న సెలవులు మాత్రం అదే సెక్షన్ కింద మీకూ వర్తిస్తాయి.

అందుచేత వారాంతపు సెలవును మార్చుకోమని అడగడం మేలు. ఆదివారం షాపు నడుస్తుందా, ఆ రోజు మీకు పని నేర్పేవారు ఉంటారా అన్నది ముందే తెలుసుకోండి. ఎవరూ లేకుండా లేత్ దగ్గర గడిపిన గంటలు శిక్షణ కావు, ప్రమాదం కూడా.

సోమవారం ఉదయం, జాబ్‌లు పంచడానికి ముందే, కాగితం మీద ఇలా రాసి ఇవ్వండి: «అయ్యా, 14న అక్క నిశ్చితార్థం ఉన్నందున ఆ రోజు సెలవు ఇచ్చి, బదులుగా 17వ తేదీ ఆదివారం హాజరు కావడానికి అనుమతించగలరు. గురువారం నేర్చుకోవలసిన థ్రెడ్ కటింగ్‌ను ఆ రోజు పూర్తి చేస్తాను.»

నోటి మాటతో సరిపెట్టుకోకండి. నేను అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు అలాగే నమ్మి ఆదివారం పనిచేస్తే, హాజరు పట్టీలో గురువారం గైర్హాజరుగానే మిగిలింది, ఆదివారం ఎక్కనే లేదు. ఆదివారం సాయంత్రమే లాగ్‌బుక్‌లో చేసిన పని రాసి సంతకం తీసుకోండి. ఆదివారం షాపు మూసి ఉంటే, క్యాజువల్ సెలవు పెట్టి, తప్పిన పాఠాన్ని మరుసటి వారం ఏ రోజు చేయిస్తారో అడగండి.