మూడు నెలల కోర్సా, మిగిలిపోయిన సబ్జెక్టా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఫార్మసీ మూడో ఏడాది. ఫార్మకాలజీ ఒకటి బ్యాక్‌లాగ్ ఉండిపోయింది. నిద్రమందుల చాప్టర్ ఎన్నిసార్లు చదివినా కలగాపులగం అవుతోందట. ఎంఫార్మసీ ప్రవేశపరీక్ష జీప్యాట్ వదిలేసి, మందుల దుష్ప్రభావాల రిపోర్టులు చూసే ఫార్మకోవిజిలెన్స్ పని నేర్పే మూడు నెలల కోర్సులో హైదరాబాద్‌లో చేర్పిద్దామా? టెన్షన్‌తో నిద్ర కూడా పోవట్లేదు. మా అమ్మ వేసుకునే జోల్పిడెమ్ సగం ఇవ్వొచ్చా?

జవాబు: ముందు మాత్ర సంగతి. ఇవ్వకండి. అది డాక్టరు మీ అమ్మగారికి రాసిన మందు. ఇంట్లో ఫార్మసీ చదివే పిల్లను పెట్టుకుని ఈ ప్రశ్న నన్నడుగుతున్నారు. ఆమెనే అడిగి ఉంటే, ఆ చాప్టర్‌లో సగం ఆమె నోటితోనే బయటికొచ్చేది.

జోల్పిడెమ్ రసాయనికంగా బెంజోడయాజెపైన్‌ల కుటుంబానికి, అంటే నిద్రకూ ఆందోళనకూ వాడే బెంజోలకు, చెందింది కాదు. కానీ పనిచేసే చోటు అదే: మెదడులోని గాబా-ఏ రిసెప్టర్ మీద బెంజోలు అతుక్కునే స్థానం. నరాల చురుకును తగ్గించే గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచి, క్లోరైడ్ ఎక్కువగా లోపలికి వెళ్లేలా చేసి నరకణాన్ని నెమ్మదింపజేస్తుంది. తేడా ఒక్కటే. ఆల్ఫా-1 ఉపభాగం ఉన్న రిసెప్టర్లంటే దానికి మక్కువ ఎక్కువ. నిద్ర, మతిమరుపు ప్రధానంగా ఆ రకంతో ముడిపడ్డవి. ఆందోళన తగ్గడం ఎక్కువగా ఆల్ఫా-2, ఆల్ఫా-3లతో ముడిపడింది. అంటే మీ అమ్మాయి టెన్షన్‌కి అది మందు కాదు, పైగా వేసుకున్న తర్వాత చదివింది గుర్తుండకపోవచ్చు. ఆడవాళ్ల శరీరం దాన్ని నెమ్మదిగా వదిలించుకుంటుందని తేలాకే, 2013లో అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లకు మామూలు మాత్ర ప్రారంభ మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించమంది.

ఇక చాప్టర్ ఎందుకు కలిసిపోతోందంటే, జోల్పిడెమ్, రామెల్టియాన్, బస్పిరోన్ మూడింటినీ 'బెంజోలు కానివి' అని ఒకే పేరు కింద బట్టీ పడుతోంది కాబట్టి. రామెల్టియాన్ గాబా జోలికే వెళ్లదు. మెదడులో పగలూ రాత్రీ లెక్క చూసే కేంద్రంలోని మెలటోనిన్ ఎంటీ1, ఎంటీ2 రిసెప్టర్లను ప్రేరేపిస్తుంది. నిద్ర పట్టడానికి సాయపడుతుంది, మధ్యలో మెలకువ వచ్చేవాళ్లకు పెద్దగా ఉపయోగపడదు. అలవాటు పడే భయం లేదు. బస్పిరోన్ అసలు నిద్రమందే కాదు. సెరటోనిన్ 5-హెచ్‌టీ1ఏ రిసెప్టర్ మీద పాక్షికంగా పనిచేసి ఆందోళన తగ్గిస్తుంది, అదీ రెండు నుంచి నాలుగు వారాలు పట్టి. ఈ రాత్రి వేసుకుంటే ఈ రాత్రికి ఏమీ జరగదు.

ఈ తేడా ఎక్కడ ప్రాణం మీదికి వస్తుందో ఒక ఊహా కేసు చెబుతాను, అమ్మాయికి చూపించండి. ఒకాయన ఎనిమిది నెలలుగా రోజుకు 3 మిల్లీగ్రాముల ఆల్ప్రజోలం అనే బెంజో వాడుతున్నాడు. అలవాటు పడిపోతానన్న భయంతో బస్పిరోన్‌కి మారాడు, పాతది అదే రోజు పూర్తిగా ఆపేశాడు. రెండో రోజు వణుకు, నిద్రలేమి. మూడో రోజు ఫిట్స్. ఇంట్లోవాళ్లు కొత్త మందే కారణమన్నారు, రిపోర్టులోనూ అదే రాశారు. నిజానికి అన్నాళ్లూ గాబా ఆసరాకు అలవాటుపడ్డ మెదడు, అది ఒక్కసారిగా పోవడంతో అదుపు తప్పింది. బస్పిరోన్ గాబాను తాకదు కాబట్టి ఆ లోటు పూడ్చలేకపోయింది. చేయాల్సింది ఏమిటంటే, డాక్టరు పర్యవేక్షణలో బస్పిరోన్ మొదలుపెట్టి, అది పనిచేయడం మొదలయ్యాక ఆల్ప్రజోలంను వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించడం.

మీరు చేర్పిద్దామనుకుంటున్న ఉద్యోగంలో టేబుల్ మీదికొచ్చేవి సరిగ్గా ఇలాంటి రిపోర్టులే. ఫార్మకోవిజిలెన్స్ మీద నాకు చిన్నచూపు లేదు. నాకు అనుమానమల్లా ఆ మూడు నెలల కోర్సుల మీదే. ఫారం ఎలా నింపాలో, సాఫ్ట్‌వేర్‌లో కేసు ఎలా ఎక్కించాలో నేర్పుతారు. ఆ పని ఉద్యోగంలో చేరాక కంపెనీయే నేర్పుతుంది. 'ఆల్ప్రజోలం ఎప్పుడు ఆపారు?' అని అడగాలన్న స్పృహ మాత్రం ఫార్మకాలజీ నుంచే రావాలి. ఆ సబ్జెక్టు తప్పిన పిల్లను దాని మీదే బతికే ఉద్యోగానికి పంపుతూ, ఇదేదో సులువు దారి అనుకుంటున్నారు మీరు. పక్కింటివాళ్ల అబ్బాయికి ఉద్యోగం వచ్చిందని విని కట్టే ఫీజు ఇది.

అమ్మాయికి ఏమీ కాలేదు. ఒక్క బ్యాక్‌లాగ్‌తో దారులు మూసుకుపోవు. ఈ వారం ఆమెను ఒక్క ప్రశ్న అడగండి: మోతాదు మించినప్పుడు బెంజోలకు విరుగుడైన ఫ్లూమజెనిల్ ఇస్తే ఈ మూడింటిలో దేని ప్రభావం తగ్గుతుంది? జోల్పిడెమ్ ఒక్కటే అని, అది బెంజోల చోటులోనే కూర్చుంటుంది కాబట్టి అని కారణంతో సహా చెబితే, ఆ చాప్టర్ ఆమెకు వచ్చేసినట్టే. సప్లీ ఫీజు కట్టించండి. జీప్యాటా, ఉద్యోగమా అన్నది ఆ ఫలితం వచ్చాక ఆమెనే కూర్చోబెట్టి మాట్లాడదాం. రెండు మూడు వారాలైనా నిద్ర కుదుటపడకపోతే డాక్టరుకు చూపించండి, మీ అమ్మగారి మాత్రల డబ్బా మాత్రం అమ్మాయికి అందకుండా తీసిపెట్టండి.