చదరంగం గింజలు: 2^63 కాదు, 2^64 − 1

"అన్నా, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కి వెళ్తున్నా. చదరంగం బల్ల మీది 64 గడుల్లో ఒక గింజతో మొదలై గడిగడికీ రెట్టింపయ్యే గింజల మొత్తం నాకు 2^63 వస్తోంది, కీలో 2^64 − 1 ఉంది. ఎందుకు?"

తమ్ముడూ, నీకొచ్చింది చివరి గడిలోని గింజలు మాత్రమే. మొదటి గడిలో 1, అంటే 2^0. అందుకే 64వ గడిలో 2^63. కీలో ఉన్నది అన్ని గడుల మొత్తం.

ఆ మొత్తాన్ని S అనుకుని, దాని కింద రెట్టింపు రాయి:

```
 S = 1 + 2 + 4 + … + 2^63
2S =     2 + 4 + … + 2^63 + 2^64
```

కింది వరుసలోంచి పైది తీసేయ్. మధ్యలోవన్నీ కొట్టుకుపోయి S = 2^64 − 1 మిగులుతుంది.

నమ్మకం కుదరకపోతే బల్ల మీద మొదటి వరుస ఒక్కటే కూడి చూడు. 8 గడులకి 255 వస్తుంది, తొమ్మిదో గడిలో 256 ఉంటాయి. ఏ గడి తీసుకున్నా, దాని ముందున్నవన్నీ కలిపిన దానికంటే సరిగ్గా ఒక్క గింజ ఎక్కువ. నాకు ఈ లెక్కలో బాగా నచ్చేది ఇదే.

పరీక్షలో గడిగడికీ మూడు రెట్లు అని ఇస్తే మాత్రం జాగ్రత్త. అప్పుడు S కింద 3S రాయాలి, తీసివేశాక 2S మిగులుతుంది, రెండుతో భాగించాలి.