ఏజెంటు రెన్యువల్ చేశానన్న పాలసీ కంపెనీ లెక్కల్లో లేదు

ప్రశ్న: మాది గాజువాక. ఇంట్లో నలుగురికీ కలిపి ఐదు లక్షల ఆరోగ్య బీమా రెండేళ్లుగా ఉంది. 2025 డిసెంబరులో మూడో ఏడాది రెన్యువల్ కోసం, ఎప్పటిలాగే మా ఏజెంటు సొంత ఖాతాకు ఫోనులో రూ.21,240 పంపాను. పాలసీ కాగితం, రసీదు వాట్సాప్‌లో పెట్టాడు. ఫిబ్రవరిలో నా భార్యకు పిత్తాశయం ఆపరేషన్ చేయించినప్పుడు, పాలసీ అమల్లో లేదని ఆసుపత్రి బీమా కౌంటర్‌లో చెప్పారు. బిల్లు మేమే కట్టుకున్నాం. కంపెనీ ఇవ్వాలి కదా?

జవాబు: మీరు పంపిన రసీదు నకలులో ప్రీమియం రూ.18,000, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.3,240 అని ఉంది. వ్యక్తులు, కుటుంబాలు సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. అలాంటప్పుడు డిసెంబరు రసీదులోకి ఆ రూ.3,240 ఎలా వచ్చింది? నిరుటి రసీదు మీద తేదీలు మాత్రమే మార్చి మీకు పంపాడని నా గట్టి అనుమానం.

అయితే అనుమానం రుజువు కాదు. కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చే జవాబే రుజువు. దానికోసం ఏజెంటు పంపిన కాగితం మీది ఫోను నంబరుకు చేయకండి. ఆ నంబరూ మార్చి ఉండవచ్చు. irdai.gov.in లో బీమా కంపెనీల జాబితా ఉంటుంది. అక్కడి నుంచి కంపెనీ సైటుకు వెళ్లి, అందులో ఉన్న ఈమెయిల్‌కు రాయండి. వీలైతే విశాఖ శాఖకు స్వయంగా వెళ్లి, అర్జీ నకలు మీద ముద్ర వేయించుకోండి.

ఏమి అడుగుతారన్నది ఇక్కడ చాలా ముఖ్యం. "ఈ నంబరుతో పాలసీ ఉందా?" అని మాత్రమే అడిగితే "ఉంది" అనే జవాబు రావచ్చు, ఎందుకంటే నిరుటి పాలసీ నిజమైనదే. కొందరు మోసగాళ్లు ఒక్కరి పేరున చిన్న మొత్తానికి అసలు పాలసీ తీసుకుని, కాగితంలో కుటుంబమంతటినీ చేర్చి అమ్ముతారు. అక్కడా నంబరు సరిపోతుంది. కాబట్టి పాలసీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అమల్లో ఉంది, ఎవరెవరి పేర్లున్నాయి, ఎంత మొత్తానికి, డిసెంబరు ప్రీమియం ఏ తేదీన జమ అయింది అని నాలుగూ విడివిడిగా అడగండి. ఆ ఏజెంటు ఇప్పటికీ వారి ఏజెంటేనా అన్నదీ అడగండి.

ఇక మీ అసలు సందేహం. 1938 బీమా చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందితేనే కంపెనీకి బాధ్యత మొదలవుతుంది. ఏజెంటుకు ఇచ్చినది కంపెనీకి ఇచ్చినట్టే అవుతుందా? హర్షద్ షా కేసులో 1997లో సుప్రీంకోర్టు కాదంది. ప్రీమియం వసూలు చేసే అధికారం ఆ ఎల్ఐసీ ఏజెంటుకు లేదన్నది అక్కడి కారణం. అందువల్ల కంపెనీపై మీ వాదన బలహీనమైనదే. అలాగని చేతులెత్తేయనవసరం లేదు. మొదటి రెండేళ్లూ మీరు అతని ఖాతాకే పంపితే, ఆ సొమ్ముతోనే కంపెనీ అసలు పాలసీలు ఇచ్చిందని అంటున్నారు. ఏజెంటుకు వసూలు అధికారం ఉందని నమ్మేలా కంపెనీయే నడుచుకుందని, కాంట్రాక్టు చట్టం 237వ సెక్షన్ కింద వాదించవచ్చు. అందుకు మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు ప్రాణం. వాటిని ఈ వారంలోనే తీసుకోండి.

కంపెనీ జవాబు రాగానే ఏజెంటుపై గాజువాక పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318(4), మోసం కోసం దొంగపత్రం సృష్టించినందుకు 336(3), దాన్ని అసలుదిగా వాడినందుకు 340(2) వర్తిస్తాయి. రసీదు వచ్చిన ఫోనును మార్చకండి, ఆ వాట్సాప్ సంభాషణ చెరపకండి. స్క్రీన్‌షాట్లు ఒక్కటే చాలవు. రేపు కోర్టులో అసలు ఫోను అడుగుతారు. అతను ఇరవై ఒక్క వేలు తిరిగిస్తానని వస్తే తీసుకోవచ్చు గానీ, "నాకు రావలసినదేమీ లేదు" అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టవద్దు. మీ నష్టంలో ఆసుపత్రి బిల్లు కూడా ఉంది.

కంపెనీకి రాసిన దానికి జవాబు రాకపోతే, లేదా కాదంటే, బీమా నియంత్రణ సంస్థ వారి bimabharosa.irdai.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. ఆపై విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కంపెనీని, ఏజెంటును ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి కేసు వేయవచ్చు. గడువు రెండేళ్లు.

ఈలోగా ఇంట్లో నలుగురికీ బీమా లేదన్న సంగతి మరవకండి. ఏడాదికోసారి కట్టే ఆరోగ్య పాలసీకి గడువు దాటాక 30 రోజుల వెసులుబాటు ఉంటుంది, అదీ మీకు ముగిసింది. కొత్త పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు నిరీక్షణ కాలం మళ్లీ మొదలవుతుంది. అందుకే కంపెనీకి రాసే అర్జీలోనే, ఏజెంటు మోసం వల్ల తెగిపోయిన పాలసీని పాత రెండేళ్ల ప్రయోజనంతో పునరుద్ధరించాలని కూడా కోరండి. వారు ఒప్పుకోకుంటే కొత్త దరఖాస్తులో మీ భార్యకు జరిగిన ఆపరేషన్‌ను దాచకుండా రాసి, ప్రీమియం కంపెనీ సైటులో మీరే నేరుగా కట్టండి.