యూజీసీ గుర్తింపు ఉందన్న ఒక్క మాట సరిపోదు

చిరంజీవి శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన దూరవిద్య బీకాం కరపత్రం చదివాను. "యూజీసీ గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం, మీ ఊళ్లోనే బీకాం, గ్రూప్స్‌కు చెల్లుతుంది" అని పెద్ద అక్షరాల్లో వేశారు. మొదటి మాట నిజమే. ఆ విశ్వవిద్యాలయం పేరు యూజీసీ జాబితాలో ఉంది. చిక్కల్లా, ఆ ఒక్క నిజం చెప్పి మిగతాది మింగేయడంలోనే ఉంది.

ముందు నీ అసలు భయం తీరుస్తాను. దూరవిద్య డిగ్రీ తక్కువదేమీ కాదు. సార్వత్రిక, దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల మీద యూజీసీ 2020లో తెచ్చిన నిబంధనల్లోనే, వాటి ప్రకారం పొందిన డిగ్రీ కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమని రాసి ఉంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే మొదలైంది. ఇప్పుడు దాన్ని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం. అక్కడ చదివి గ్రూప్స్ ఉద్యోగాల్లో చేరినవాళ్ల ఫైళ్లు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి. కాబట్టి దూరవిద్యా కాదా అన్నది అసలు ప్రశ్నే కాదు. నిబంధనల ప్రకారం చదివావా లేదా అన్నదే ప్రశ్న.

విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉన్నంత మాత్రాన అది దూరవిద్యలో నడిపే ప్రతి కోర్సుకూ ఉన్నట్టు కాదు. దూరవిద్యకు అనుమతి వేరుగా తీసుకోవాలి. ఒకప్పుడు ఆ పని దూరవిద్యా మండలి చూసేది. 2013 నుంచి యూజీసీలోని డీఈబీ అనే దూరవిద్యా విభాగం చూస్తోంది. అనుమతి పత్రంలో మూడు విషయాలు చూసుకోవాలి: ఏ కోర్సుకు, ఏ విద్యా సంవత్సరపు ప్రవేశాలకు, ఏ ప్రాంతం వరకు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా తరవాత కొట్లాట నీదే. సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్లలో దూరవిద్య పేరా ఒకటి ఉంటుంది, ఎవరూ చదవరు. గుర్తింపు ఉందని రుజువు చేసుకునే బాధ్యత అభ్యర్థిదేనని అందులో స్పష్టంగా రాస్తారు.

నేను సర్టిఫికెట్ల పరిశీలనలో ఉన్నప్పుడు వచ్చిన ఒక ఫైలు సంగతి చెబుతాను, నీ కరపత్రానికి సరిగ్గా సరిపోతుంది. అబ్బాయికి మంచి ర్యాంకు వచ్చింది. 2018లో మరో రాష్ట్రపు ప్రైవేటు విశ్వవిద్యాలయం బీకాంలో మన ఊరి స్టడీ సెంటర్ ద్వారా చేరాడు, 2021లో పూర్తి చేశాడు. పరీక్షలు కూడా ఇక్కడే రాశాడు. సర్టిఫికెట్ అసలుదో కాదో తేల్చమని విశ్వవిద్యాలయానికి రాస్తే, మేమే ఇచ్చాం, అసలుదే అని జవాబు వచ్చింది. అబ్బాయి గట్టెక్కానని అనుకున్నాడు. కానీ అసలుదా కాదా అన్నది ఒక ప్రశ్న, చెల్లుతుందా లేదా అన్నది మరో ప్రశ్న. దూరవిద్య అనుమతి పత్రం తెప్పించి చూస్తే, బీకాం ఉంది, 2018 ప్రవేశాలూ ఉన్నాయి. ప్రాంతం దగ్గర మాత్రం ఆ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం ఉన్న చోటు వరకే అని ఉంది. ఇక్కడ సెంటర్ పెట్టడానికి దానికి అధికారమే లేదు. ఎంపిక రద్దయింది. అతను నకిలీ పని ఏదీ చేయలేదు, మూడేళ్లు చదివాడు కూడా. అయినా ఫైలు మీద రాయగలిగింది అదొక్కటే.

ఈ ప్రాంతం నియమం 2005లో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్ ప్రైవేటు విశ్వవిద్యాలయాల కేసులో ఇచ్చిన తీర్పుతో గట్టిపడింది. ఒక రాష్ట్ర చట్టంతో పుట్టిన విశ్వవిద్యాలయం ఆ రాష్ట్రం దాటి సెంటర్లు నడపకూడదు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పార్లమెంటు చట్టంతో వచ్చింది కాబట్టి దాని పరిధి దేశమంతా. సెంటర్లను ఫ్రాంచైజీకి ఇవ్వడం కూడా నిషేధమే. చదువు సహాయ కేంద్రం గుర్తింపు ఉన్న విద్యాసంస్థలో ఉండాలి. సెల్‌ఫోన్ దుకాణం మీద గదిలో ఒకాయన టేబుల్ వేసుకుని రసీదులు రాస్తుంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

ఒక మెలిక ఉంది. పూర్తి ఆన్‌లైన్ కోర్సుకు ఈ ప్రాంతం హద్దు లేదు. అయితే దానికి అనుమతి జాబితా వేరు. దూరవిద్యలో ఉన్న కోర్సు ఆన్‌లైన్ జాబితాలోనూ ఉంటుందని అనుకోకు. సెంటర్ వాళ్లు ఒకదాని పత్రం చూపించి రెండోదానిలో చేర్చేస్తారు.

అందుకని ఇలా చెయ్యి. deb.ugc.ac.in తెరిచి, నువ్వు చేరబోయే విద్యా సంవత్సరం జాబితా తీసి, విశ్వవిద్యాలయం పేరు దగ్గర ఆగిపోకుండా బీకాం వరుస దాకా వెళ్లు. నువ్వు పూర్తి చేసే ఏడాది కాదు, చేరే ఏడాది ముఖ్యం. ఆ పేజీని, అనుమతి పత్రాన్ని ఆ రోజే దించి దాచుకో, ఫీజు రసీదుతో పాటు. నాలుగేళ్ల తరవాత పరిశీలనకు పిలిచినప్పుడు వెబ్‌సైట్ అదే రూపంలో ఉంటుందన్న హామీ లేదు. 2024 నుంచి దూరవిద్యలో చేరే ప్రతి విద్యార్థీ అదే సైటులో డీఈబీ ఐడీ సొంతంగా తీసుకోవాలి. ఆ ఐడీ అక్కర్లేదు, మేమే చూసుకుంటాం అని ఎవరన్నా అంటే వెనక్కి తిరిగి వచ్చెయ్యి. ఏడాదిలోనే మూడేళ్ల డిగ్రీ ఇప్పిస్తామనేవాళ్ల గురించి నీకు చెప్పనక్కర్లేదు. మూడేళ్ల మార్కుల జాబితాల మీదా ఒకే నెల తేదీ కనబడితే పరిశీలనలో మొదటి చూపుకే దొరుకుతాయి.

ఇక మీ స్నేహితురాలి తమ్ముడి విషయం. ఇంటర్ లేకుండా అర్హత పరీక్షతో నేరుగా డిగ్రీ చేశాడన్నావు. ఒకప్పుడు సార్వత్రిక విశ్వవిద్యాలయాలు అలా చేర్చుకునేవి, ఆ డిగ్రీ దొంగది కాదు. డిగ్రీ ఉంటే చాలు అన్న ఉద్యోగానికి పెట్టుకోవచ్చు. నోటిఫికేషన్‌లో ఇంటర్ కూడా అడిగితేనే చిక్కు. లా చదవాలంటే తలుపు పూర్తిగా మూసినట్టే. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో, కింది అర్హత లేకుండా సార్వత్రిక పద్ధతిలో నేరుగా డిగ్రీ పొందినవారికి లాలో ప్రవేశం లేదని ఉంది. డిగ్రీ లేకుండా నేరుగా పీజీ చేసినవాళ్లది ఇంకా కష్టం, అలాంటి ఎంఏ చెల్లదని 2009లో సుప్రీంకోర్టే చెప్పింది. నీకు ఇంటర్ ఉంది కాబట్టి దూరవిద్య బీకాం తరవాత మూడేళ్ల లాకు ఏ అడ్డూ లేదు. అయితే లా మాత్రం కాలేజీకి వెళ్లే చదవాలి, దూరవిద్యలో దానికి అనుమతి లేదు. బీఈడీ ఆలోచన కూడా ఉందన్నావు కదా, దూరవిద్య బీఈడీ ప్రధానంగా పనిలో ఉన్న శిక్షణ పొందిన ఉపాధ్యాయుల కోసం. నీలాంటి కొత్తవాళ్లకు రెగ్యులరే దారి.

ఈ ఆదివారం లోపల ఆ సెంటర్ వాళ్లను దూరవిద్య అనుమతి పత్రం అడుగు. విశ్వవిద్యాలయం గుర్తింపు పత్రం చూపిస్తే అది కాదని చెప్పు. తెచ్చి ఇస్తే నాకు ఫోటో తీసి పంపు, ప్రాంతం అన్న చోట ఏముందో ఇద్దరం చూద్దాం. అప్పటిదాకా రూపాయి కూడా కట్టొద్దు.

ఇట్లు,
మీ మామయ్య